రీడింగ్ లిస్టును అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీగా మార్చుకున్న తీరు: నా అనుభవం

వ్యావహారిక భాషోద్యమం మీద నా పరిశోధనకు 58 పుస్తకాలు, వ్యాసాల జాబితా ఉండేది. చదివినవే అయినా ఏది ఎందుకు పెట్టుకున్నానో గుర్తొచ్చేది కాదు. అక్షర క్రమం, సంవత్సరాల వరుస, రంగుల గుర్తులు, అన్నీ చేసి చూశాను, లాభం లేదు.

చివరికి పని చేసింది రాసే వరుసను తిరగేయడం. అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీలో ప్రతి పుస్తకం పద్దు కింద దాని గురించి నాలుగు మాటలు రాసుకుంటాం, మామూలుగా ముందు సారాంశం రాస్తాం. నేను ముందు ఉపయోగం రాశాను: ఇది నా ఏ అధ్యాయంలో ఏ వాదనకు పనికొస్తుంది, ఒక్క వాక్యంలో. ఆ వాక్యం రాయలేకపోయిన 17 పక్కన పెట్టేశాను. తర్వాత ఆ వాక్యానికి ఆధారమయ్యే ఉల్లేఖనను, పుస్తకం ఎదురుగా పెట్టుకుని, ముద్రణ సంవత్సరం, పేజీతో సహా ఎత్తి రాశాను. సారాంశం ఆఖరున, పుస్తకం మూసేసి, మూడు వాక్యాలు.

అసలు తప్పు ఉల్లేఖన దగ్గరే బయటపడింది. ‘కన్యాశుల్కం’ నా జాబితాలో ఒకే పద్దు. కానీ 1897 ముద్రణను గురజాడ బాగా మార్చి, పెంచి 1909లో మళ్ళీ వేశారు. నేను రాసిన ఉపయోగం తొలి రూపం గురించి, ఎత్తి రాసుకున్న మాటలేమో రెండోదానివి. పద్దును రెండుగా విడగొట్టి, ఉల్లేఖన మార్చాకే ఆ అధ్యాయం టెన్షన్ తగ్గింది.

సాహిత్యం, చరిత్ర వాళ్ళకు ఇది పనికొస్తుందనుకుంటున్నాను. లెక్కలు, ప్రయోగ ఫలితాల మీద నడిచే వ్యాసాలకు ఉల్లేఖన ఇంత పట్టు ఇస్తుందని మాత్రం చెప్పలేను. వాదన ఇంకా తేలనివాళ్ళు ఉపయోగం గడిని పెన్సిల్‌తో రాసుకోండి, మారుతుంది.