సోలార్ వేడినీళ్ల పైపుకు క్లాంపులు కొట్టే ముందు

హనుమకొండలో ఒక ఇంటి డాబా మీద 12 మీటర్ల ముప్పావు అంగుళం సీపీవీసీ ప్లాస్టిక్ పైపు లైన్ వేయాలనుకుందాం. చలికాలం పొద్దున పైపు 20 డిగ్రీలు, హీటర్ నీళ్లు 65. ఆ 45 డిగ్రీల తేడాకు పైపు దాదాపు 35 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే రాగి అయితే 9 మాత్రమే. అందుకే రాగి పనిలో ఉన్న అలవాటు ఇక్కడ పనికిరాదు.

☐ క్లాంపుల గుర్తులు ముందే పెట్టండి. అడ్డంగా పోయే సీపీవీసీకి 90 సెంటీమీటర్లకు ఒకటి కావాలి. 22 మిల్లీమీటర్ల రాగికి 1.8 మీటర్లు చాలు. వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, దూరం పెంచితే మధ్యలో వేలాడుతుంది.

☐ రెండు చివర్లలో మాత్రమే క్లాంపు గట్టిగా బిగించండి. మిగతా వాటిలో పైపు చేతితో తోస్తే జరగాలి. అన్నీ బిగిస్తే పైపు పాములా వంకర పోతుంది, చివరికి ఎల్బో దగ్గర కారుతుంది. నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే.

☐ సాగిన పైపు సర్దుకోవడానికి లైన్ మధ్యలో యూ ఆకారపు లూప్‌కు చోటు చూసుకోండి. ఈ పొడవుకు కాళ్లు 25 సెంటీమీటర్ల చొప్పున, వెడల్పు 15 ఉండాలి. లూప్ కాళ్లకు క్లాంపు వద్దు.

☐ గోడ దాటే చోట పెద్ద పైపు ముక్క తొడగండి, సిమెంటుతో పూడ్చొద్దు.

నీళ్లు వదిలాక టక్ టక్ మని చప్పుడు వస్తే పైపు ఎక్కడో పట్టేసినట్టే. ఆ క్లాంపు వదులు చేయండి.