పాత పెంకుటిల్లు కొనే ముందు కప్పు ఇలా చూడండి

పాత పెంకుటిల్లు బేరానికి వెళ్తే గోడలకు వేసిన కొత్త రంగు మీదకే చూపు పోతుంది, కప్పు సంగతి తర్వాత తెలుస్తుంది.

మిట్టమధ్యాహ్నం వెళ్లండి. ముందు వీధి అవతల నిలబడి, ఒక దారాన్ని రెండు చేతులతో బిగించి కళ్లెదుట పట్టుకుని కప్పు పైఅంచుకి సరిపెట్టండి. మధ్యలో అంచు దారం కిందికి దిగితే లోపల దూలమో వాసమో వంగినట్టే.

లోపల తలుపులు మూసి లైట్లు ఆపితే పగిలిన పెంకుల దగ్గర వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. నాలుగైదు పగుళ్లయితే పెంకులు మార్చుకుంటే చాలు. అసలు ఖర్చంతా చెక్కలోనే ఉంటుంది. గోడలోకి దిగే వాసం చివర స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి, అర అంగుళం సులువుగా దిగితే పుచ్చినట్టు. పెంకులు ఆనే సన్న పట్టీల మేకుల చుట్టూ చెక్క నల్లబడి, మేకు తల వేలికే ఊడొస్తే పట్టీలన్నీ మార్చాలి. వాసాలు కూడా నాలుగైదు చోట్ల పుచ్చి ఉంటే మొత్తం కప్పు విప్పే ఖర్చు ధరలో తగ్గించి అడగండి.

పెంకుని వేలితో కొడితే ఖంగుమనాలి. అయితే వానాకాలంలో ఈ పరీక్ష నమ్మొద్దు, తడిసిన మంచి పెంకు కూడా మొద్దుగా పలుకుతుంది. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక విప్పించి చూడందే అడ్వాన్స్ ఇవ్వకండి.