చల్లగాలి దగ్గర తప్పిన గణం

ఆర్కే బీచ్‌లో నడుస్తూ ఉత్పలమాల పాదం ఒకటి కట్టాను: 'సాగర తీరమందు నడసాగెడు వేళల చల్లగాలిలో'. ఇంటికొచ్చి గణాలు విడదీస్తే సాగర భ, తీరమం ర, దునడ న, సాగెడు భ, వేళల భ. అక్కడిదాకా హాయిగా సాగింది. ఆరోది 'చల్లగా' మాత్రం స గణమైంది. అక్కడ ర రావాలి. అక్షరాలు మళ్లీ లెక్కపెట్టాను, సరిగ్గా 20 ఉన్నాయి. ఇంకేం తప్పు?

తాతయ్య చూసి, "కంటితో కాదురా, నోటితో లెక్కపెట్టు" అన్నారు. పైకి చదివితే 'చల్-ల' అని వినిపించింది. ద్విత్వం ముందున్న 'చ' గురువు, నేనేమో పొట్టి అక్షరమని లఘువు వేశాను. దిద్దితే 'చల్లగా' ర గణం, మిగిలిన 'లిలో' వ గణం. భరనభభరవ కుదిరింది. పదో అక్షరం 'సా', యతీ సరే.

ఆయన అక్కడితో వదల్లేదు (వదిలితే తాతయ్యే కాదు). 'సాగర' తీసి 'జలనిధి' పెట్టమన్నారు. మొదటి గురువు స్థానంలో రెండు లఘువులు చేరాయి, మిగతాదంతా అదే. ఇప్పుడు 21 అక్షరాలు, గణాలు నజభజజజర, అంటే చంపకమాల! యతి పదకొండో అక్షరానికి జరిగింది, అక్కడున్నది ఆ 'సా'నే. జకారానికి సకారంతో యతిమైత్రి ఉంది కాబట్టి చెల్లింది.

ఇప్పుడు ఏ పద్యమిచ్చినా ముందు రెండు అక్షరాలే చూస్తాను. గురువుతో మొదలైతే ఉత్పలమాలేమో, లఘువులతోనైతే చంపకమాలేమో అని అనుకుని, ఆ తర్వాతే పూర్తిగా విడదీస్తాను. శార్దూలం కూడా గురువుతోనే మొదలవుతుంది మరి.