ఫోటోలో టేబుల్ ఉంటే ముందు మైనస్ గుర్తు వెతకండి

సంభావ్యతల టేబుల్ ఉన్న లెక్కను ఫోటో తీసి పంపుకున్నప్పుడు ఎక్కువగా మాయమయ్యేది మైనస్ గుర్తే. సంభావ్యతలు కూడి 1 వచ్చిందా అని అందరూ చూస్తారు. కానీ మైనస్ పోయేది సంభావ్యతల్లో కాదు, పక్కన రూపాయల గడిలో. అది ఆ కూడికకు దొరకదు.

ఒక పాచికల ఆట చూడండి. 10 రూపాయలు కట్టి ఆడాలి. 6 పడితే 50, 5 పడితే 20 ఇస్తారు, మిగతా వాటికి ఏమీ రాదు. టేబుల్‌లో నికర లాభం 40, 10, −10; సంభావ్యతలు 1/6, 1/6, 4/6. ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ, అంటే సగటు, (40 + 10 − 40)/6 = 10/6, సుమారు 1.67. వర్గాల సగటు (1600 + 100 + 400)/6 = 350. అందులోంచి 10/6 వర్గం తీసేస్తే వేరియన్స్ సుమారు 347.22.

మైనస్ కనపడక 10 అనుకుంటే సగటు ఏకంగా 15 అవుతుంది. వర్గం చేస్తే గుర్తు పోతుంది కాబట్టి 350 మాత్రం కదలదు, అందుకే అనుమానమే రాదు. వేరియన్స్ 350 − 225 = 125కి పడిపోతుంది.

అందుకని ఆట నియమం చదివి, కట్టిన డబ్బు తీయకుండా 50, 20, 0తో ఇంకోసారి చేయండి. సగటు 70/6, అంటే సుమారు 11.67 వస్తుంది, సరిగ్గా 10 ఎక్కువ. వేరియన్స్ మాత్రం మళ్లీ 347.22 రావాలి, ఎందుకంటే అన్నిటికీ ఒకే అంకె కలిపితే అది మారదు. మారిందంటే ఫోటోను జూమ్ చేసి చూడాల్సిందే. అన్నట్టు, భిన్నాలను 0.17, 0.67 అని రాయకండి, మొత్తం 1.01 అయి కూర్చుంటుంది.