దిక్సూచి లేకుండా హవాయి నుంచి తాహితీకి: చుక్కలు, కెరటాలు, పిట్టలతో సముద్రం దాటడం ఎలా?

పసిఫిక్ మహాసముద్రంలో హవాయి నుంచి తాహితీకి దాదాపు 4,000 కిలోమీటర్లు. మధ్యలో దాదాపు అంతా నీళ్లే. పాలినేసియా జనం వందల ఏళ్ల కిందటే రెండు దోనెలు కలిపి కట్టిన జంట పడవల్లో ఈ దారిన తిరిగారు. దిక్సూచి లేదు, గడియారం లేదు, కాగితం మీద పటం లేదు. గాలివాటుకు కొట్టుకుపోయి ఎక్కడో తేలి ఉంటారని ఇరవయ్యో శతాబ్దంలో కూడా వాదించినవాళ్లున్నారు. ఆ మాట తేల్చడానికి 1976 మే 1న హోకులేయా అనే 19 మీటర్ల జంట పడవ హవాయి దీవుల్లోని మావి నుంచి బయలుదేరింది. దారి చూపింది మైక్రోనేసియాలోని సతవాల్ అనే చిన్న దీవికి చెందిన మౌ పియాలుగ్. ఏ పరికరమూ ముట్టకుండా జూన్ 4న ఆయన పడవను తాహితీ చేర్చాడు.

ఈ పద్ధతిలో చుక్కల కన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఉత్తర దక్షిణాల్లో మనం ఎక్కడున్నామో ఆకాశం చెబుతుంది. తూర్పు పడమరల్లో ఎక్కడున్నామో మాత్రం కచ్చితమైన గడియారం లేనిదే చెప్పదు. కింద చెప్పే పనులన్నీ ఈ లోటును దాటడానికే. హవాయి, తాహితీ దారినే ఉదాహరణగా పెట్టుకుందాం.

ముందు గురి ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి

తాహితీకి వెళ్లాలంటే తాహితీ వైపు గురిపెట్టకూడదు. హవాయితో పోలిస్తే తాహితీ కాస్త తూర్పుకు ఉంటుంది. దారిలో ఎక్కువ భాగం గాలీ ప్రవాహమూ పడవను పడమటికి నెడతాయి. ప్రవాహం వేగం అర నాట్, అంటే గంటకు కిలోమీటరు కన్నా కాస్త తక్కువ అనుకున్నా రోజుకు 22 కిలోమీటర్లు. నెల రోజులకు అది 600 దాటుతుంది. పడవలో ఉన్నవాళ్లకు అందులో ఒక్క మీటరు కూడా తెలియదు, ఎందుకంటే చుట్టూ ఉన్న నీళ్లూ పడవతో పాటే కదులుతుంటాయి.

అందుకని గాలికి ఎదురుగా పోగలిగినంత పోతూ, మొదటి నుంచీ తూర్పుకు ఒరిగి నడపాలి. తాహితీకి ఈశాన్యంగా, తూర్పుగా తువమోతు దీవులు 1,500 కిలోమీటర్ల పొడవున తెరలా పరుచుకుని ఉన్నాయి. గురి వాటి మీద. తూర్పున మిగిలిపోతే ఆ తర్వాత గాలివాటున సులువుగా దిగిరావచ్చు. పడమటికి జారిపోతే మాత్రం ఎదురుగాలిలో వెనక్కి రావాలి. తిండీ నీళ్లూ తగ్గిపోతున్న పడవలో అది ప్రాణం మీదికొచ్చే పని.

రాత్రి: చుక్క పొడిచే చోటు పట్టుకోండి

ఒక చుక్క పొడిచే సమయం రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుంది. పొడిచే చోటు మాత్రం ఏడాది పొడవునా మారదు. సతవాల్ నావికులు దిగంతాన్ని ఇలాంటి 32 స్థానాలుగా, అంటే చుక్కలు పొడిచే చోట్లుగా, కుంకే చోట్లుగా గుర్తుపెట్టుకుంటారు. పిల్లలకు నేర్పేటప్పుడు నేల మీద రాళ్లు గుండ్రంగా పేర్చి ఒక్కో రాయికి ఒక్కో చుక్క పేరు పెడతారు. వాళ్లకు తూర్పు దిక్కు చూపేది ఆల్టేర్, మన శ్రవణా నక్షత్రంలోని ప్రకాశవంతమైన చుక్క.

చుక్క దిగంతానికి దగ్గరగా ఉన్నంతసేపే పనికొస్తుంది. చెయ్యి చాచి చూస్తే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. చుక్క ఒకటి రెండు పిడికిళ్ల ఎత్తు దాటాక దాన్ని వదిలేసి, అదే చోట పొడిచే తర్వాతి చుక్కను అందుకోవాలి. రాత్రంతా ఇలా ఓ పది చుక్కలు మారాల్సి వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర చుక్కలు దాదాపు నిట్టనిలువుగా లేస్తాయి కాబట్టి అక్కడ ఈ పద్ధతి బాగా కుదురుతుంది. ఉత్తరానికో దక్షిణానికో దూరం పోయేకొద్దీ అవి ఏటవాలుగా లేస్తాయి, దిక్కు త్వరగా తప్పుతుంది.

వెళ్లే దిక్కునే చుక్క ఉండాలని ఏమీ లేదు. వెనకో పక్కనో ఉన్న చుక్కతోనూ నడపొచ్చు. హోకులేయా పక్క కమ్మీల మీద రెండు వైపులా ఎనిమిదేసి గుర్తులు పెట్టారు. నావికుడు వెనక తన చోట కూర్చుని, చుక్క ఏ గుర్తు మీదుగా పొడుస్తోందో చూస్తాడు. పడవ మూతి పక్కకు తిరిగితే చుక్క ఆ గుర్తు నుంచి జరుగుతుంది, వెంటనే తెలిసిపోతుంది.

పగలు, మబ్బు వేళ: కెరటాన్ని ఒంటితో పట్టండి

అసలు కష్టం ఇక్కడుంది. చుక్కలు సగం కాలమే కనిపిస్తాయి. మిగిలిన సగం కెరటాలే దిక్కు.

అప్పటికప్పుడు వీచే గాలికి లేచే చిన్న అలలను నమ్మకూడదు. గాలి మారితే అవీ మారతాయి. ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల నిలకడగా వీచే గాలికి పుట్టి, మెల్లగా పొంగి దిగే పొడవాటి కెరటాలు ఉంటాయి. అవి రోజుల తరబడి ఒకే దిక్కు నుంచి వస్తాయి. మే నెలలో హవాయి దగ్గర ముఖ్యమైనది ఈశాన్య వ్యాపార పవనాల వల్ల వచ్చే కెరటం. దక్షిణార్ధగోళంలో అప్పుడు చలికాలం మొదలవుతుంది కాబట్టి, అక్కడి తుఫానుల నుంచి దక్షిణపు కెరటం కూడా రావచ్చు.

పడవ ఆగ్నేయంగా పోతుంటే ఈశాన్యపు కెరటం ఎడమ పక్కన తగులుతుంది. జంట పడవలో ముందు ఎడమ దోనె లేస్తుంది, కెరటం కిందుగా దాటాక కుడి దోనె లేస్తుంది. అంటే పడవ పక్కలకు ఊగుతుంది. చుక్కాని పట్టినవాడు ఏమరుపాటున మూతిని ఎడమకు, కెరటానికి ఎదురుగా తిప్పాడనుకోండి, రెండు దోనెల మూతులూ కలిసి లేచి కలిసి పడతాయి. పక్కల ఊపు తగ్గి ముందు వెనకల ఊపు మొదలైతే దిక్కు తప్పినట్టే. ఇది కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. అందుకే నావికులు దోనెలో పడుకుని కూడా పడవ ఎటు పోతోందో చెప్పగలరు.

కెరటాలు కూడా మెల్లగా దిక్కు మార్చుకుంటాయి కాబట్టి రోజూ సరిచూసుకోవాలి. దానికి తెల్లవారే వేళను మించింది లేదు. కొన్ని చుక్కలు ఇంకా కనిపిస్తుండగా సూర్యుడు ఎక్కడ పొడుస్తున్నాడో వాటితో పోల్చుకోండి. పొద్దు పొడిచే చోటు చుక్కల్లా స్థిరం కాదు, ఏడాదిలో తూర్పుకు అటూ ఇటూ జరుగుతుంది. తర్వాత ఆ పొద్దును బట్టి కెరటం ఏ దిక్కు నుంచి వస్తోందో గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు నడిపించేది ఆ గుర్తే. సాయంత్రం పొద్దు కుంకేటప్పుడు మళ్లీ సరిచూసుకోవాలి.

భూమధ్యరేఖకు కాస్త ఉత్తరంగా గాలి ఆగిపోయే చోటు వస్తుంది. మబ్బులు కమ్మేసి, అప్పుడప్పుడూ ఏ దిక్కు నుంచో ఈదురుగాలి కొడుతుంది. ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా అక్కడ టెన్షనే. ఆ ఈదురుగాలి లేపిన అలలను చూసి పడవ తిప్పారంటే మోసపోయినట్టే. పాత ఈశాన్యపు కెరటం వాటి అడుగున ఇంకా పొంగుతూనే ఉంటుంది. దాన్నే పట్టుకోవాలి. అదీ దొరకకపోతే చుక్కలు కనిపించే దాకా ఆగడం మేలు.

ఎంత దక్షిణానికి వచ్చామో చూసుకోండి

దక్షిణానికి పోయేకొద్దీ ధ్రువ నక్షత్రం కిందికి దిగి, భూమధ్యరేఖ దగ్గర కనిపించకుండా పోతుంది. దానికి ఎదురుగా దక్షిణాన త్రిశంకు అనే శిలువ ఆకారపు చుక్కల గుంపు పైకి లేస్తుంది. త్రిశంకు నిలువుగా నిలబడినప్పుడు పై చుక్కకీ అడుగు చుక్కకీ మధ్య దూరం 6 డిగ్రీలు. హవాయిలో అడుగు చుక్కకీ నీళ్లకీ మధ్య కూడా సరిగ్గా అంతే. కొలబద్దను ఆకాశమే పక్కన పెట్టి చూపిస్తోందన్నమాట. మచిలీపట్నం తీరాన మే నెల మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో దక్షిణం వైపు తెరిపి ఉన్న చోట నిలబడి చూడండి. అడుగు చుక్క అక్కడ దాదాపు పిడికిలి ఎత్తున ఉంటుంది. మనం హవాయి కన్నా దక్షిణాన ఉన్నాం కదా.

తాహితీ దగ్గర ఇంకా చక్కని గుర్తు ఉంది. సిరియస్, అంటే మన లుబ్ధకుడు, పునర్వసులోని పోలక్స్ అక్కడ ఒకేసారి కుంకుతాయి. సిరియస్ ముందు కుంకితే ఇంకా ఉత్తరానే ఉన్నారు. పోలక్స్ ముందు కుంకితే తాహితీని దాటి దక్షిణానికి వచ్చేశారు. ఊగే పడవలో చేత్తో ఎత్తు కొలిస్తే ఒక్క డిగ్రీ తప్పు కూడా 111 కిలోమీటర్లకు సమానం. ఈ జంట పద్ధతిలో కొలవాల్సిన పనే లేదు, ఏది ముందో చూస్తే చాలు. దిగంతం మీద మబ్బు ఉంటే మాత్రం పనిచేయదు.

తూర్పు పడమరల సంగతి అంచనాతోనే గడవాలి. పడవ మూతి దగ్గరి నురుగు ఎంతసేపటికి వెనక్కి పోయిందో చూసి వేగం అంచనా వేస్తారు. 19 మీటర్ల పడవను నురుగు ఏడున్నర సెకన్లలో దాటితే వేగం గంటకు 9 కిలోమీటర్లు. ఆ వేగాన్నీ దిక్కునూ రోజూ మనసులో కూడుకుంటూ పోవాలి. నావికుడు కునికిపాట్లే తప్ప సరిగా నిద్రపోకపోవడానికి కారణం ఇదే. లెక్క ఒకసారి తెగితే మళ్లీ అతికించడానికి ఏ ఆధారమూ ఉండదు.

దగ్గరికి వచ్చాక పిట్టలను వెతకండి

తువమోతు దీవులు పగడపు దిబ్బలు. పది మైళ్ల దగ్గరికి వస్తే గానీ కొబ్బరి చెట్ల తలలు కనిపించవు. కానీ రాత్రికి నేల చేరి, పగలు సముద్రం మీద చేపలు పట్టే పిట్టలు దీవిని పెద్దది చేస్తాయి. హవాయి నావికుల లెక్కలో ముదురు రంగు నోయియో పిట్ట కనిపిస్తే నేల 40 మైళ్ల లోపు, తెల్ల టెర్న్ కనిపిస్తే 120 మైళ్ల లోపు ఉన్నట్టు. దీవి చుట్టూ ఈ వలయాలు గీస్తే పక్క దీవుల వలయాలు చాలాచోట్ల ఒకదాన్నొకటి తాకుతాయి. అందుకే గురి ఒక్క దీవి మీద కాకుండా దీవుల వరుస మీద పెట్టమన్నది.

దూరం ఎగిరే వలస పిట్టలను, నీళ్ల మీదే సేదతీరే పిట్టలను లెక్కలోకి తీసుకోకండి. పొద్దున పిట్టలు నేల నుంచి బయటికి, సాయంత్రం నేల వైపుకు ఎగురుతాయి. కాబట్టి సాయంత్రం పిట్ట పోయే దిక్కే నేల.

దీనికీ మినహాయింపు ఉంది. 1980లో ఇదే దారిలో హోకులేయాను నైనోవా థాంప్సన్ నడిపాడు. మౌ వెంట ఉన్నాడు గానీ ఒక్కసారి తప్ప జోక్యం చేసుకోలేదు. ముందు రోజు పిట్టలు కనిపించాయి, కానీ తెల్లవారినా దీవి జాడ లేదు. అప్పుడు ఒక పిట్ట పడవ మీదుగా ఎగిరింది. పొద్దున పిట్ట కదా, నేల నుంచే వస్తోందని నైనోవా దానికి ఎదురు దిక్కుకు పడవ తిప్పించాడు. కొంతసేపటికి మౌ కల్పించుకుని, వెనక్కి తిప్పి ఆ పిట్ట పోయిన వైపే పొమ్మన్నాడు. అలా పోయాక దీవి కనిపించింది. మౌ పిట్ట ముక్కును చూశాడు. అందులో చిన్న చేప ఉంది. అంటే గూట్లో పిల్లలున్నాయి, తల్లి చీకటితోనే వేటకు వచ్చి ఇంటికి తిరిగి పోతోంది. గూళ్లు పెట్టే కాలంలో పిట్ట పోయే వేళతో పాటు ముక్కునూ చూడాలి.

దొరికిన దీవి ఏదో పోల్చుకోండి

1976లో పడవ మొదట చేరింది తువమోతుల్లో పడమటి కొసన ఉన్న మతైవాకు. ఇన్నాళ్లూ అంచనాగా ఉన్న తూర్పు పడమర లెక్క తెలిసిన దీవి దొరకగానే స్థిరపడుతుంది. పాత లెక్క చెరిపేసి ఇక్కడి నుంచి కొత్తది మొదలుపెట్టాలి. మతైవా నుంచి తాహితీ దక్షిణానికి, కాస్త పడమటికి, 300 కిలోమీటర్లు. తాహితీ 2,000 మీటర్లు దాటిన కొండలున్న దీవి. మిగతా మబ్బులు గాలికి కదిలిపోతుంటే ఆ కొండల మీద మబ్బు ఒకేచోట నిలిచి ఉంటుంది. కాబట్టి ఈ చివరి దారిలో కళ్లు నీళ్ల అంచున కాకుండా దానికి కాస్త పైన పెట్టండి.