యాంప్లిఫయరు సొంతంగా కట్టుకుందాం – 7వ పాఠం: పాట పెట్టకుండానే వేడెక్కిన బోర్డు

పోయిన పాఠంలో టీడీఏ 2030 ఐసీతో, ప్లస్ మైనస్ 14 వోల్టుల సప్లయి మీద, చిన్న పవర్ యాంప్లిఫయరు జీరో బోర్డు మీద కట్టాం. ఫీడ్‌బ్యాక్‌లో 22 కిలో ఓములు, 680 ఓములు పెట్టాం కాబట్టి గెయిన్ 33 రెట్ల దాకా వచ్చింది. సరిగ్గా కట్టినవాళ్లలో కూడా కొందరికి అది వేడెక్కి ఉంటుంది, మాట బొంగురుగా వచ్చి ఉంటుంది. ఈ పాఠం వాళ్ల కోసం. లెక్కలు కొన్ని ఉన్నాయి గానీ, ముందు నేను పని నేర్చుకునే రోజుల్లో జరిగిన ఒక కథ చెప్తాను. లెక్కలు దాంట్లోనే వస్తాయి.

కోఠి గుజరాతీ గల్లీకి దగ్గర్లో, మెట్లెక్కి పోవాల్సిన ఒక చిన్న రిపేరు గది. అక్కడ పనిచేసే అన్నకు స్కోపు వాడటం బాగా తెలుసు. నాకు సోల్డరు పెట్టడం మాత్రమే తెలుసు. ప్రసంగాలకు పనికొచ్చే చిన్న యాంప్లిఫయరు ఒక ఇరవై కట్టిద్దామని అనుకుని, మొదటి నమూనా నన్నే చేయమన్నాడు. సర్క్యూట్ మనం కట్టినదే. ట్రాన్స్‌ఫార్మరు, బ్రిడ్జి, రెండు 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఒక రేకు డబ్బాలో పెట్టాను. యాంప్లిఫయరు బోర్డు ఇంకో పక్క. రెంటి మధ్య మూడు తీగలు, ఒక్కోటి 35 సెంటీమీటర్లు. చూడటానికి శుభ్రంగా ఉందని రంగు రంగుల తీగలు కట్టలు కట్టి టేపు కూడా చుట్టాను. ఆ టేపే నా కొంప ముంచింది.

స్పీకరు పెట్టలేదు, ఇన్‌పుట్ షార్ట్ చేసి ఉంచాను. ఆన్ చేసిన రెండు నిమిషాలకే హీట్‌సింకు ముట్టుకోలేనంత వేడి. సప్లయి తీగలో మీటరు పెడితే 310 మిల్లీఆంపియర్లు. ఈ ఐసీ ఖాళీగా ఉన్నప్పుడు మామూలుగా తాగేది 40 దాకానే. అంటే 28 వోల్టుల మీద ఒక వాట్ చిల్లర ఖర్చు కావాల్సిన చోట దాదాపు 9 వాట్లు వేడిగా పోతున్నాయి. అవుట్‌పుట్ దగ్గర డీసీ చూస్తే 20 మిల్లీవోల్టులు, అంటే బాగానే ఉంది. ఏసీ రేంజిలో పెడితే మల్టీమీటరు దాదాపు సున్నా చూపించింది. నేను ఐసీ మార్చాను. ఇంకోటీ మార్చాను. అదే వేడి.

"అన్నా, ఐసీలన్నీ డూప్లికేట్ ఉన్నట్టున్నయి."

"ఐసీని తిట్టుడు తర్వాత తమ్మీ. ఆ రేడియో ఇటియ్యి."

మీడియం వేవ్ పెట్టిన పాత ట్రాన్సిస్టర్ రేడియోను బోర్డుకు జానెడు దూరంలో పట్టుకుని, ముల్లును మెల్లగా తిప్పాడు. పైకి పోతున్నకొద్దీ ఒక చోట గాలి శబ్దం చటుక్కున ఆగి, కింద సన్నగా గుయ్‌మని మోత వినిపించింది. యాంప్లిఫయరు ఆఫ్ చేస్తే మోత పోయింది, గాలి శబ్దం తిరిగొచ్చింది. "ఇది యాంప్లిఫయర్ గాదు, రేడియో స్టేషన్ గట్టినవ్" అన్నాడు. అంటే మన చెవికి, చౌక మల్టీమీటరుకు అందని ఎత్తులో సర్క్యూట్ తనంతట తాను ఊగుతోంది. దాన్నే ఆసిలేషన్ అంటాం. స్కోపు పెట్టి చూస్తే అవుట్‌పుట్ కాలు మీద 1.4 మెగాహెర్ట్జ్, కొస నుంచి కొసకు 4 వోల్టులు.

స్కోపు లేనివాళ్లు ఒక 1ఎన్4148 డయోడ్‌లో గీత లేని కొసను అవుట్‌పుట్‌కు పెట్టండి. రెండో కొస నుంచి గ్రౌండుకు 10 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టి, దాని మీద మీటరును డీసీలో ఉంచండి. పాట లేనప్పుడు సున్నాకు దగ్గరగా ఉండాల్సిన ముల్లు మా బోర్డు మీద అయితే వోల్టున్నర చుట్టూ చూపించేది.

ఇక్కడ అన్న ఒక పని చేశాడు, అప్పుడు నాకు వింతగా తోచింది. ప్రోబ్ మొనను తీసుకెళ్లి, దాని గ్రౌండ్ క్లిప్పు ఎక్కడ పట్టుకుని ఉందో సరిగ్గా అక్కడే ముట్టించాడు. రెండూ ఒకే చోట ఉన్నాయి కదా, గీత చదునుగా రావాలి. అయినా సన్నటి అల కనిపించింది. అది బోర్డులో ఉన్నది కాదు, ప్రోబ్ గ్రౌండ్ తీగ చేసిన ఉంగరం గాలిలోంచి పట్టుకున్నది. "ఇంత అబద్ధం ఎప్పుడూ ఉంటది, దీనికంటే పెద్దగ కనిపిస్తేనే నమ్ము" అన్నాడు. ప్రోబ్‌ను పదింతల సెట్టింగులోనే వాడాలని కూడా చెప్పాడు. ఒకటింతల సెట్టింగులో ప్రోబ్ కెపాసిటెన్స్ ఎక్కువ కాబట్టి, అది ముట్టుకున్న చోట ఆసిలేషన్‌ను తానే మార్చేస్తుంది.

తర్వాత ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. ఇన్‌పుట్ షార్ట్ చేసే ఉంది, కాబట్టి బయటి నుంచి వచ్చేది కాదు. అవుట్‌పుట్ నుంచి గ్రౌండుకు ఉండాల్సిన 1 ఓమ్, 220 నానోఫారడ్ జత ఉంది. గెయిన్ 33 అంటే 30 డెసిబెల్స్, ఈ ఐసీ కనీసం 24 అడుగుతుంది కాబట్టి అదీ సరే. శబ్దం తగ్గించాలని 680 ఓముల బదులు పెద్దది వేసి గెయిన్ తగ్గించేవాళ్లుంటారు, వాళ్ల రోగం వేరు.

అప్పుడు ప్రోబ్ ప్లస్ సప్లయి కాలు మీద, అంటే అయిదో కాలు మీద పెట్టాడు. 14 వోల్టుల గీత మీద అదే 1.4 మెగాహెర్ట్జ్ అల, వోల్టున్నర ఎత్తున. వెంటనే ప్రోబ్‌ను రేకు డబ్బాలోని 4700 కెపాసిటర్ కొసల మీదికి మార్చాడు. అక్కడ గీత నున్నగా ఉంది. రెండూ ఒకే ఎర్ర తీగకు అటు కొస, ఇటు కొస. సర్క్యూట్ కాగితం మీద రెండూ ఒకే చుక్క.

"మధ్యల ఏమున్నది?" అన్నాడు.

"తీగ."

"దాని రెసిస్టెన్స్ చూడు."

మీటరు సున్నా చూపించింది. నిజానికి ఆ మందం రాగి తీగ 35 సెంటీమీటర్లకు ఓములో నూరో వంతు దాకా ఉంటుంది. కానీ తీగకు ఇండక్టెన్స్ కూడా ఉంటుంది. మోటు లెక్కకు సెంటీమీటరుకు 10 నానోహెన్రీలు అనుకుంటే, 35 సెంటీమీటర్లకు 0.35 మైక్రోహెన్రీ. అది అడ్డుపడే బలం ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది:

```
X = 2πfL
50 Hz   : 6.28 × 50 × 0.35 µH      = 0.0001 Ω
1.4 MHz : 6.28 × 1400000 × 0.35 µH = 3.1 Ω
```

ఇంట్లో కరెంటు ఫ్రీక్వెన్సీకి ఆ తీగ లేనట్టే. మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం 4 ఓముల స్పీకరుతో పోటీపడే అడ్డు. ఐసీ అవుట్‌పుట్‌కు కరెంటు పంపాలని సప్లయిని లాగినప్పుడల్లా దాని కాలు దగ్గర వోల్టేజి పడిపోతుంది. ఆ ఊపు లోపలి దశల్లోకి చేరి, మళ్లీ పెద్దదై, మళ్లీ సప్లయిని లాగుతుంది. అలా ఒక చుట్టు తిరిగొచ్చిన ఊపు మొదటి ఊపుకు తోడు పట్టే ఫ్రీక్వెన్సీ ఒకటి దొరికితే చాలు, ఇక ఎవరూ ఇన్‌పుట్ ఇవ్వక్కర్లేదు.

అన్న 104 అని రాసి ఉన్న కెపాసిటర్ ఒకటి తీశాడు. 100 నానోఫారడ్ అన్నమాట. దాని కాళ్లు అర సెంటీమీటరు మిగిలేలా కత్తిరించి, బోర్డు కింద నేరుగా అయిదో కాలికీ బోర్డు గ్రౌండుకూ అతికించాడు. ఆంపియర్ మీటరు 310 నుంచి 160కి దిగింది. ఇంకోటి మూడో కాలికి, మైనస్ వైపు. 45కి వచ్చి నిలిచింది. రేడియోలో మళ్లీ మామూలు గాలి శబ్దం. 1.4 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కెపాసిటర్ అడ్డు ఒక ఓమ్ చిల్లరే, అదీ ఐసీని ఆనుకుని. ఐసీ కరెంటు కోసం తీగ పొడుగునా పరుగెత్తాల్సిన పని లేకుండా పోయింది.

నేను టేపు సర్దేయబోయాను. "ఆగు, స్పీకర్ బదులు లోడ్ పెట్టు" అన్నాడు. 4 ఓముల పెద్ద వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టి, 1 కిలోహెర్ట్జ్ సైన్ ఇచ్చి, వాల్యూమ్ పెంచాడు. అల పెరిగేకొద్దీ దాని శిఖరాల మీద మసక పట్టింది, నూగు మొలిచినట్టు. స్వీప్ విడదీసి చూస్తే ఆ నూగులో రెండు రకాలున్నాయి.

ఒకటి 850 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంది. 0.35 మైక్రోహెన్రీ తీగా, మనం ఇప్పుడే పెట్టిన 100 నానోఫారడ్ కలిస్తే సరిగ్గా అక్కడే రెజొనెన్స్ వస్తుంది. అంటే మందే చిన్న జబ్బు తెచ్చింది. 104 పక్కనే 100 మైక్రోఫారడ్ ఎలెక్ట్రోలైటిక్ ఒకటి చొప్పున పెట్టగానే అది చల్లారింది. మామూలు ఎలెక్ట్రోలైటిక్‌కు లోపల కాస్త రెసిస్టెన్స్ ఉంటుంది. వేరేచోట మనం తిట్టుకునే ఆ లోపమే ఇక్కడ ఊపును మింగేసింది.

రెండో నూగు అలాగే ఉంది. దానికి కారణం నల్ల తీగ. నేను స్పీకరు గ్రౌండును బోర్డుకు కలిపాను. బోర్డు నుంచి సప్లయి మధ్య బిందువుకు ఆ 35 సెంటీమీటర్ల నల్ల తీగ ఒక్కటే. వాల్యూమ్ కంట్రోల్ గ్రౌండును మాత్రం, దగ్గరగా ఉంది కదా అని, రేకు డబ్బా దగ్గరే కలిపేశాను. స్పీకరు కరెంటంతా నల్ల తీగలో వెనక్కి పోతుంది కాబట్టి, దాని రెండు కొసల మధ్య వోల్టేజి పుడుతుంది. ఫీడ్‌బ్యాక్‌లోని 680 ఓముల కాలు, దాని కింది 22 మైక్రోఫారడ్‌తో సహా, ఒక కొస మీద ఉంది. ఇన్‌పుట్ ఇంకో కొస మీద ఉంది. ఆ తేడాను ఐసీ పాట అనుకుని 30 రెట్లు పైగా పెంచుతుంది. రెండూ ఒకే కొస మీద ఉండి ఉంటే, గ్రౌండు ఊగినా రెండూ కలిసే ఊగేవి.

టేపు విప్పేశాం. రెండు 4700 కెపాసిటర్లను డబ్బాలోంచి తీసి బోర్డు పక్కకు తెచ్చాం, తీగలు 5 సెంటీమీటర్లయ్యాయి. స్పీకరు వెనక్కి వచ్చే తీగ నేరుగా ఆ రెండు కెపాసిటర్లు కలిసే చోటికి. ఇన్‌పుట్, వాల్యూమ్, 22 మైక్రోఫారడ్ – ఈ మూడింటి గ్రౌండ్లు ఒక చోట కలిపి, అక్కడి నుంచి వేరే తీగతో అదే చోటికి. 104లు, 100లు మాత్రం స్పీకరు గ్రౌండు వైపే. వాటిలో పారేది మోటు కరెంటు, దాన్ని ఇన్‌పుట్ గ్రౌండులోకి వదిలితే మళ్లీ మొదటికొస్తుంది. సైన్ అల కత్తిరించుకుపోయేదాకా పెంచినా నున్నగానే ఉంది.

అయినా అన్న వదల్లేదు. పాత నల్ల తీగను క్రొకడైల్ క్లిప్పులతో మధ్యలో పెట్టి, వాల్యూమ్ గ్రౌండును పాత చోటికి మార్చాడు. నూగు మళ్లీ మొలిచింది. తీసేశాడు, పోయింది. "ఇప్పుడు రాసుకో కారణం" అన్నాడు.

మీ పని: ఇన్‌పుట్ షార్ట్ చేసి, లోడ్ లేకుండా, మీ బోర్డు తాగే కరెంటు కొలవండి. 60 మిల్లీఆంపియర్లు దాటితే డయోడ్ పరీక్ష చేయండి. కెపాసిటర్లు పెట్టేముందు సప్లయి తీగ పొడవు కొలిచి, 104తో కలిస్తే రెజొనెన్స్ ఎక్కడ పడుతుందో `f = 1/(2π√(LC))`తో లెక్కేయండి. 20 సెంటీమీటర్లకు 1.1 మెగాహెర్ట్జ్ చిల్లర రావాలి. వచ్చే పాఠంలో ఇదే బోర్డుకు పొడుగాటి స్పీకరు కేబుల్ తగిలిస్తాం.