మెనూ ఫొటోలో వంటకం పేరు అర్థం కాకపోతే

జపాన్‌లో మెనూను ఫొటో తీసి తెలుగులోకి మారిస్తే, ‘ఒయాకోదోన్’ కాస్తా ‘తల్లీపిల్లల గిన్నె’ లాంటి మాటగా మారి కంగారు పెట్టవచ్చు (తల్లి కోడి, పిల్ల గుడ్డు). అప్పుడు గూగుల్ లెన్స్‌లో అనువాదాన్ని పక్కన పెట్టి, ఫొటోలోని ఆ జపనీస్ పేరును మాత్రమే వేలితో ఎంచుకొని కాపీ చేసి, దానితో బొమ్మలు వెతకాలి. తరువాత పేరును ఉన్నది ఉన్నట్టే తెలుగు లిపిలో రాసుకొని, ప్రధాన పదార్థం, వండే తీరు, వడ్డించే విధం చేర్చుకోవాలి: ‘ఒయాకోదోన్ - కోడిమాంసం, గుడ్డు తియ్యటి సోయా రసంలో ఉడికించి అన్నంపై పోసినది.’

గోడకు వేలాడే చేతిరాత మెనూల్లో అక్షరాలే తప్పుగా చదవబడే అవకాశం ఎక్కువ. పైగా చేపతో కాచే ‘దాషి’ రసం కూరగాయల వంటకాల్లోనూ తరచుగా ఉంటుంది, కానీ పేరులో కనిపించదు కనుక, శాకాహారులు వడ్డించేవారిని అడిగి తీరాలి.